బ్లూటూత్ హెడ్‌ఫోన్స్ కనెక్ట్ అయినా సౌండ్ రావట్లేదా, మాటిమాటికీ కట్ అవుతున్నాయా: ఏ వరసలో చూసుకోవాలి

మియాపూర్‌లో ఉండే మా చెల్లెలు ఇంటి నుంచే ఆఫీసు పని చేస్తుంది. మొన్నామధ్య ఫోన్ చేసి, "అన్నయ్యా, హెడ్‌ఫోన్స్ కనెక్ట్ అయ్యాయనే చూపిస్తోంది, ఒక్క ముక్క వినపడట్లేదు, ఇంకో పావుగంటలో మీటింగ్ ఉంది, టెన్షన్‌గా ఉంది" అంది. అప్పటికే హెడ్‌ఫోన్స్ నాలుగుసార్లు ఆఫ్ చేసి ఆన్ చేసింది, రెండుసార్లు పెయిరింగ్ తీసేసి మళ్ళీ పెట్టింది, అయినా ఏమీ మారలేదు. ఇలాంటప్పుడు అందరం చేసేది ఇదే, ముందు రీసెట్ మీద పడతాం. కానీ చాలాసార్లు రీసెట్‌తో పనే ఉండదు, అసలు తప్పు వేరే చోట ఉంటుంది. అందుకే ఏది ముందు చూడాలి, ఏది తర్వాత చూడాలి అనేది ఆమె కేసునే పట్టుకుని పూర్తిగా రాస్తున్నాను. ఆమెది ఆఫీసు వాళ్ళిచ్చిన విండోస్ 10 ల్యాప్‌టాప్, ఫోన్ ఆండ్రాయిడ్. మీది వేరే అయినా చూసే వరస మాత్రం ఇదే.

ముందు మీ సమస్య ఏదో తేల్చుకోండి

సౌండ్ అసలు రాకపోవడం ఒక సమస్య, వస్తూ వస్తూ కట్ అవడం ఇంకో సమస్య, ఈ రెండింటి కారణాలు దాదాపు ఎప్పుడూ వేరుగానే ఉంటాయి. కనెక్ట్ అయి ఉండి కూడా సౌండ్ రాలేదంటే రేడియో సిగ్నల్ బాగానే ఉన్నట్టు, సౌండే వేరే దారిలో పోతోందన్నమాట. వస్తున్న సౌండ్ ముక్కలు ముక్కలవుతూ తెగిపోతోందంటే దారి సరిగ్గానే ఉంది, మధ్యలో సిగ్నల్‌కి ఏదో అడ్డొస్తోంది. మొదటిదానికి సెట్టింగులు చూడాలి, రెండోదానికి చుట్టూ ఉన్న వస్తువులు చూడాలి.

దాంతోపాటు రెండు నిమిషాల్లో అయిపోయే ఇంకో పరీక్ష ఉంది. ల్యాప్‌టాప్‌లో బ్లూటూత్ ఆపేసి అవే హెడ్‌ఫోన్స్‌ని ఫోన్‌కి పెట్టి ఒక పాట వినండి. ఫోన్‌తో బాగుంటే తప్పు ల్యాప్‌టాప్ వైపో, ల్యాప్‌టాప్ ఉన్న చోటో ఉంది. ఫోన్‌తోనూ అదే గొడవ అయితే హెడ్‌ఫోన్స్‌ని అనుమానించాలి. ఇంట్లో ఇంకో బ్లూటూత్ స్పీకరో ఇయర్‌బడ్సో ఉంటే వాటిని ల్యాప్‌టాప్‌కి పెట్టి చూస్తే ఇంకా తేలిపోతుంది. మా చెల్లెలి హెడ్‌ఫోన్స్ ఫోన్‌తో చక్కగా పనిచేశాయి, కాబట్టి వాటి జోలికి ఇక పోనవసరం లేదని అక్కడే తెలిసిపోయింది.

కనెక్ట్ అయ్యాయి, కానీ దేనికి?

ఇక్కడ కొంచెం ఆగి అర్థం చేసుకోవాలి, మిగతాదంతా దీని మీదే ఆధారపడి ఉంది. బ్లూటూత్‌లో పాటలకి ఒక దారి, ఫోన్ మాటలకి ఇంకో దారి ఉంటాయి, వీటిని ప్రొఫైల్స్ అంటారు. పాటల దాని పేరు `A2DP`, రెండు చెవులకీ స్టీరియోలో మంచి సౌండ్ ఇస్తుంది, కానీ దీనిలో మైక్ ఉండదు. మాటల దాని పేరు `HFP`, ఇందులో మైక్ ఉంటుంది, కానీ సౌండ్ మోనో, నాణ్యత బాగా తక్కువ, పాత రకం అయితే పాత ల్యాండ్‌లైన్ ఫోన్‌లో విన్నట్టే ఉంటుంది. స్క్రీన్ మీద కనెక్ట్ అయినట్టు చూపించడానికి ఈ రెండిట్లో ఏదో ఒక్కటి కలిస్తే చాలు.

అందుకే ఆ మాట పక్కన ఇంకేముందో చదవాలి. విండోస్‌లో బ్లూటూత్ సెట్టింగులు తెరిస్తే హెడ్‌ఫోన్స్ పేరు కింద `Connected voice, music` అని ఉండాలి. `Connected voice` అని మాత్రమే ఉంటే పాటల దారి కలవలేదని అర్థం. ఆండ్రాయిడ్‌లో కూడా కొన్ని ఫోన్లలో `Active` అని, కొన్నింటిలో `Connected for calls and audio` అని ఉంటుంది. అలా కాకుండా `Connected (no media)` అనో, `Connected for calls` అనో ఉంటే పేరు పక్కన ఉన్న గేర్ గుర్తు నొక్కి, లోపల `Media audio` లేదా `Audio` అనే స్విచ్ ఆన్‌లో ఉందేమో చూడండి. ఇది ఎప్పుడో చెయ్యి తగిలి ఆఫ్ అయిపోయిన ఫోన్లు నేను కొన్ని చూశాను, ఆ ఒక్క స్విచ్ వెయ్యగానే పాట మొదలవుతుంది.

సౌండ్ రాకపోతే ఈ వరసలో చూడండి

మొదట సౌండ్ ఎటు పోతోందో చూడండి. విండోస్‌లో కింద కుడివైపు స్పీకర్ బొమ్మ నొక్కి, దాని పక్కనున్న బాణం నొక్కితే ఏ పరికరానికి సౌండ్ వెళ్తోందో లిస్టు వస్తుంది. విండోస్ 11లో `Win + Ctrl + V` నొక్కితే నేరుగా అక్కడికే వెళ్ళొచ్చు. మానిటర్‌ని `HDMI` కేబుల్‌తో పెట్టిన వాళ్ళకి చాలాసార్లు సౌండ్ ఆ మానిటర్‌కి పోతుంటుంది, దానికి స్పీకర్లు లేకపోయినా సరే. ఇక్కడ హెడ్‌ఫోన్స్‌ని ఎంచుకుని, పాట పెట్టి, స్పీకర్ బొమ్మ మీద రైట్ క్లిక్ చేసి `Volume mixer` తెరిచి బ్రౌజర్ సౌండ్ సున్నాలో లేదని కూడా చూసుకోండి.

విండోస్ 10లో ఆ లిస్టులో ఒకే హెడ్‌ఫోన్స్ రెండుసార్లు కనపడతాయి. ఒకటి చివర్లో `Stereo` అని, ఇంకోటి `Hands-Free AG Audio` అని. పాటలకి `Stereo` ఎంచుకోవాలి. మా చెల్లెలు అదే ఎంచుకుంది, వాల్యూమ్ బార్ కూడా నిండుగా ఉంది, పాట పెడితే స్క్రీన్ మీద ఆకుపచ్చ గీత పైకీ కిందకీ కదులుతోంది, చెవిలో మాత్రం నిశ్శబ్దం.

ఎందుకంటే, ఏదైనా యాప్ హెడ్‌ఫోన్స్ మైక్‌ని పట్టుకుందంటే విండోస్ మాటల దారిలోకి వెళ్ళిపోతుంది, రెండు దారులూ ఒకేసారి నడవవు, అప్పుడు విండోస్ 10లో `Stereo` దానిలోకి పంపిన సౌండ్ ఎక్కడికీ చేరదు. విండోస్ 11 కొత్త వెర్షన్లలో ఈ రెంటినీ కలిపి ఒకే పేరుగా చూపిస్తారు కాబట్టి పూర్తిగా మూగబోదు, కానీ పాట ఉన్నట్టుండి డబ్బాలోంచి వచ్చినట్టు మారిపోతుంది, కారణం మాత్రం అదే.

మైక్‌ని ఎవరు పట్టుకున్నారో కనుక్కోవడం తేలికే. టాస్క్‌బార్‌లో గడియారం దగ్గర చిన్న మైక్ బొమ్మ కనపడిందంటే ఎవరో వాడుతున్నారన్నమాట, దాని మీద మౌస్ పెడితే యాప్ పేరు చెబుతుంది. చెల్లెలి ల్యాప్‌టాప్‌లో పొద్దున మీటింగ్ అయిపోయాక యాప్ కిటికీ మూసేసింది గానీ యాప్ వెనకాల నడుస్తూనే ఉంది, మైక్‌ని వదల్లేదు. దాన్ని పూర్తిగా `Quit` చేయించాను. హెడ్‌ఫోన్స్‌లో పాట మొదలవడం ఫోన్ కాల్‌లోనే నాకు వినపడింది.

మళ్ళీ అలా కాకుండా ఉండాలంటే మీటింగ్ యాప్ ఆడియో సెట్టింగుల్లో స్పీకర్‌గా హెడ్‌ఫోన్స్‌ని పెట్టి, మైక్‌గా ల్యాప్‌టాప్‌లోనే ఉన్న మైక్‌ని పెట్టండి. హెడ్‌ఫోన్స్ మైక్‌ని ఎవరూ అడగరు కాబట్టి పాటల దారిలోనే ఉండిపోతాయి, అవతలివాళ్ళ గొంతు కూడా ఎంతో స్పష్టంగా వినపడుతుంది. గదిలో బాగా గోల ఉంటే మాత్రం ఇది కుదరదు, అప్పుడు మీటింగ్‌లో ఉన్నంతసేపు ఆ తక్కువ నాణ్యతతోనే సర్దుకుని, స్పీకర్, మైక్ రెంటికీ `Hands-Free` దాన్నే ఎంచుకోవాలి.

అయినా సౌండ్ లేకపోతే ఇంకో పరికరాన్ని అనుమానించండి. ఈమధ్య వచ్చే హెడ్‌ఫోన్స్‌లో చాలావాటికి ఒకేసారి రెండింటికి కనెక్ట్ అయ్యే సౌకర్యం ఉంది, మల్టీపాయింట్ అంటారు. ల్యాప్‌టాప్‌లో సినిమా చూస్తుంటే పక్క గదిలో ఉన్న ఫోన్‌లో ఎవరో వీడియో పెట్టారనుకోండి, లేదా ఒక ఆట తెరిచి వదిలేశారనుకోండి, హెడ్‌ఫోన్స్ అటు తిరిగిపోతాయి. తెలుసుకోవాలంటే ఇంట్లో మిగతా అన్నింట్లో బ్లూటూత్ ఆపేయండి, ఫోన్, టాబ్, టీవీ అన్నీ. సౌండ్ తిరిగొస్తే దొంగ దొరికినట్టే, హెడ్‌ఫోన్స్ యాప్‌లో మల్టీపాయింట్ ఆపేసుకోండి.

ఆండ్రాయిడ్‌లో సౌండ్ వస్తోంది గానీ ఎంత పెంచినా చీమంత వినపడుతోందంటే, సెట్టింగుల్లో `About phone` లోపలున్న `Build number` మీద ఏడుసార్లు నొక్కి `Developer options` తెరిచి, అందులో `Disable absolute volume` ఆన్ చేసి చూడండి. కొన్ని చవక మోడళ్ళకి ఫోన్ వాల్యూమ్‌కీ హెడ్‌ఫోన్స్ వాల్యూమ్‌కీ పొత్తు కుదరదు, దీంతో రెండూ విడిపోతాయి. మార్చాక ఫోన్ బ్లూటూత్ ఒకసారి ఆపి వెయ్యాలి.

పెయిరింగ్ రీసెట్ చేస్తే పూర్తిగా చెయ్యండి

పైవన్నీ చూశాకే ఇది. పెయిరింగ్ చేసినప్పుడు రెండువైపులా ఒకే తాళంచెవి తయారై, ఒక కాపీ ఫోన్‌లో, ఒకటి హెడ్‌ఫోన్స్‌లో భద్రంగా ఉంటుంది. ఆ తర్వాత కలిసిన ప్రతిసారీ దాంతోనే ఒకరినొకరు గుర్తుపడతారు. మనం ఫోన్‌లో మాత్రం తీసేసి మళ్ళీ జోడిస్తే పాత జ్ఞాపకం హెడ్‌ఫోన్స్‌లో ఉండిపోవచ్చు. కనెక్ట్ అయి రెండు సెకన్లలో వదిలేయడం, పేరు కనపడుతుంది గానీ ఎంత నొక్కినా కలవకపోవడం ఇలాంటప్పుడే జరుగుతాయి. సగం రీసెట్ చేసి "రీసెట్ కూడా చేశాను, లాభం లేదు" అనుకునేవాళ్ళే ఎక్కువ.

ముందు ఆ హెడ్‌ఫోన్స్ ఏయే పరికరాల్లో ఉన్నాయో అన్నింట్లోనూ తీసేయండి. విండోస్‌లో `Remove device`, ఆండ్రాయిడ్‌లో `Forget` లేదా `Unpair`, ఐఫోన్‌లో `Forget This Device`. ఒకటి అందుబాటులో లేకపోతే కనీసం దాని బ్లూటూత్ ఆపండి, లేకపోతే మీరు పెయిరింగ్ చేస్తుండగానే అది వచ్చి లాక్కుపోతుంది.

తర్వాత హెడ్‌ఫోన్స్‌ని ఫ్యాక్టరీ రీసెట్ చెయ్యాలి. పెయిరింగ్ మోడ్‌లో పెట్టడం వేరు, ఇది వేరు. పెయిరింగ్ మోడ్ కొత్తవాళ్ళని పిలుస్తుంది, పాతవాళ్ళని మరిచిపోదు. రీసెట్‌కి ఏ బటన్ ఎంతసేపు నొక్కాలనేది మోడల్‌ని బట్టి మారుతుంది, మాన్యువల్ చూడక తప్పదు. ఉదాహరణకి కేసు వెనక బటన్ ఉన్న ఎయిర్‌పాడ్స్‌ని కేసులో పెట్టి మూత తెరిచి ఆ బటన్‌ని దాదాపు 15 సెకన్లు, లైటు నారింజ రంగులో మెరిసి తెల్లగా మారేదాకా నొక్కాలి. ఇయర్‌బడ్స్ అయితే రెండూ కేసులో ఉండగానే, రెంటికీ ఛార్జింగ్ ఉండగానే చెయ్యండి. ఒక్కదాన్ని బయట పెట్టి చేస్తే రెండూ విడిపోయి, ఒక చెవిలోనే సౌండ్ వచ్చే కొత్త సమస్య పుట్టొచ్చు.

ఇప్పుడు ల్యాప్‌టాప్‌ని `Restart` చెయ్యండి, `Shut down` కాదు. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా బ్లూటూత్ డ్రైవర్ పాత స్థితిలోనే దాచిపెట్టి, ఆన్ చెయ్యగానే అదే బయటికి తెస్తుంది. `Restart` చేస్తేనే కొత్తగా మొదలవుతుంది.

ఆ తర్వాత ఒకే ఒక్క పరికరానికి పెయిర్ చెయ్యండి. లిస్టులో ఒకే పేరు రెండుసార్లు వచ్చి, ఒకదాని ముందు `LE_` అని ఉంటే దాన్ని వదిలేసి మామూలు పేరుని ఎంచుకోండి, `LE_` దాన్ని పెయిర్ చేస్తే కనెక్ట్ అయినట్టు ఉంటుంది గానీ సౌండ్ రాదు. ఓ పది నిమిషాలు పాటలు విని అంతా బాగుంటేనే రెండో పరికరాన్ని జోడించండి. రెండూ ఒకేసారి జోడిస్తే మళ్ళీ చెడినప్పుడు ఎవరి వల్లో తెలీదు.

కట్ అవుతుంటే చుట్టూ చూడండి

మా చెల్లెలి కథ అంతటితో అయిపోలేదు. వారం తర్వాత మళ్ళీ ఫోన్, ఈసారి సౌండ్ వస్తోంది కానీ సాయంత్రం పూట తునకలు తునకలవుతోంది, మధ్యమధ్యలో పూర్తిగా డిస్‌కనెక్ట్ అవుతోంది. పగలంతా బాగుంటోంది, సాయంత్రమే ఎందుకు? సాయంత్రం ఏం చేస్తున్నావని అడిగితే ఆ రోజు పనంతా ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేస్తోందట.

బ్లూటూత్ నడిచేది 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర. పాటలు పంపే రకం బ్లూటూత్ అక్కడ ఒక్కొక్కటి ఒక మెగాహెర్ట్జ్ వెడల్పుండే 79 ఛానెళ్ళ మధ్య సెకనుకి 1600 సార్లు గెంతుతూ, గోల ఉన్న ఛానెళ్ళని తప్పించుకుంటూ పోతుంది. ఆ తెలివి వల్లే మామూలుగా ఇంట్లో ఇన్ని పరికరాలున్నా నెట్టుకొస్తోంది. కానీ గోల మొత్తం అన్ని ఛానెళ్ళలోనూ ఉంటే తప్పించుకుని పోవడానికి చోటుండదు. యూఎస్‌బీ 3 పోర్టులో డేటా పోతున్నప్పుడు కేబుల్ నుంచి, కనెక్టర్ నుంచి సరిగ్గా ఆ ప్రాంతంలోనే రేడియో గోల బయటికొస్తుంది. దీని మీద ఇంటెల్ 2012లోనే ఒక పత్రం ప్రచురించింది. హార్డ్ డిస్క్ ఊరికే పెట్టి ఉన్నప్పటికంటే కాపీ నడుస్తున్నప్పుడు ఇది ఎక్కువ.

పరీక్ష ఇలా చేయించాను. హార్డ్ డిస్క్‌ని `Eject` చేసి తీసేసి పది నిమిషాలు పాటలు వినమన్నాను, ఒక్కసారి కూడా కట్ అవలేదు. మళ్ళీ అదే పోర్టులో పెట్టి ఒక పెద్ద వీడియో ఫైలు కాపీ మొదలుపెట్టమన్నాను, నిమిషం తిరక్కుండానే పాట తడబడింది. ఆ రెండో సగం మానెయ్యకండి, తీసేస్తే బాగుపడటం ఒక్కటే చూస్తే అది కాకతాళీయం కావచ్చు, పెడితే మళ్ళీ చెడితేనే కారణం అదేనని ఖాయం. హార్డ్ డిస్క్‌ని రెండోవైపు పోర్టుకి మార్చి, కాస్త పొడుగు కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి మూరెడు దూరంలో పెట్టించాను. గొడవ పోయింది. మీరు బ్లూటూత్ డాంగిల్ వాడుతుంటే దాన్ని హార్డ్ డిస్క్ పక్క పోర్టులో పెట్టకండి, మీటరు పొడవున్న యూఎస్‌బీ 2 ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో బయటికి లాగి టేబుల్ మీద పెట్టండి, వందో నూటయాభయ్యో ఖర్చు పెట్టి ఆ కేబుల్ కొంటే డాంగిల్ మార్చేకన్నా ఎక్కువ ఫలితం వస్తుంది.

హార్డ్ డిస్క్ లాంటివేవీ లేకపోతే తర్వాత చూడాల్సింది వైఫై. ల్యాప్‌టాప్‌లో వైఫై, బ్లూటూత్ చాలావరకు ఒకే కార్డు మీద ఉంటాయి, యాంటెన్నాని కూడా పంచుకుంటాయి, కాబట్టి వైఫై కూడా 2.4లోనే ఉంటే పెద్ద డౌన్‌లోడ్ మొదలవగానే బ్లూటూత్‌కి వంతు తగ్గుతుంది. మీది ఎక్కడుందో కమాండ్ ప్రాంప్ట్‌లో చూడొచ్చు, కొత్త విండోస్‌లో లొకేషన్ ఆన్ చెయ్యమని అడిగితే చెయ్యండి:

```
netsh wlan show interfaces
```

వచ్చిన దాంట్లో `Band` అనే వరస ఉంటే అదే చెప్పేస్తుంది. లేకపోతే `Channel` చూడండి, 1 నుంచి 13 లోపు ఉంటే 2.4, 36 లేదా అంతకంటే ఎక్కువైతే 5 గిగాహెర్ట్జ్. రౌటర్‌లో రెండు బ్యాండ్లకీ ఒకే పేరుంటే 5కి వేరే పేరు పెట్టుకుని దానికే ల్యాప్‌టాప్‌ని కనెక్ట్ చెయ్యండి. 5 గిగాహెర్ట్జ్ గోడలు దాటి అంత దూరం పోదు, రౌటర్ రెండు గదుల అవతల ఉంటే వైఫై నెమ్మదించొచ్చు, అది చూసుకోవాలి. వంటింట్లో మైక్రోవేవ్ ఓవెన్ పనిచేసేది కూడా 2.45 దగ్గరే, అన్నం వేడిచేసే రెండు నిమిషాలే పాట ఆగుతుంటే ఇక వెతకక్కర్లేదు.

ఫోన్‌తో బయట నడుస్తున్నప్పుడు మాత్రమే కట్ అవుతుంటే అడ్డు మీ ఒళ్ళే. మన శరీరంలో ఎక్కువ భాగం నీళ్ళు, 2.4 సిగ్నల్‌ని నీళ్ళు పీల్చేస్తాయి. ఇంట్లో గోడల నుంచి తిరిగొచ్చే సిగ్నల్ ఆదుకుంటుంది, మైదానంలో ఆ ఆసరా ఉండదు. ఫోన్‌ని వెనక జేబులోంచి తీసి చొక్కా జేబులో పెట్టండి, లేదా కుడి ఎడమ మార్చి చూడండి. `LDAC` ఉన్న ఫోన్, హెడ్‌ఫోన్స్ అయితే దాని అత్యధిక నాణ్యత సెకనుకి 990 కిలోబిట్లు, రద్దీ చోట అంత మోయలేదు. హెడ్‌ఫోన్స్ యాప్‌లో నాణ్యతకి కాకుండా కనెక్షన్‌కి ప్రాధాన్యం ఇచ్చే ఎంపిక ఉంటే అది పెట్టుకోండి.

ఒక్కోసారి కట్ అయిందనుకున్నది కట్ కాదు. పాట ఆగినప్పుడు స్క్రీన్ చూడండి, బ్లూటూత్ ఇంకా కనెక్ట్ అయ్యే ఉండి ప్లేయర్ మాత్రం పాజ్‌లో ఉంటే అది ఇయర్‌బడ్‌లో చెవిని గుర్తించే సెన్సర్ పని, చెమటో గులిమో పట్టి చెవిలోంచి తీశారనుకుంటోంది. పొడి గుడ్డతో తుడిచి, యాప్‌లో ఆ సెన్సర్‌ని ఆపి చూడండి.

ఇక ఏమీ చెయ్యకుండా కాసేపు వదిలేసి వచ్చాకే కట్ అవుతుంటే విండోస్‌లో `Device Manager` తెరిచి, `Bluetooth` కింద మీ అడాప్టర్ మీద రెండుసార్లు నొక్కి, `Power Management`లో `Allow the computer to turn off this device to save power` టిక్ తీసేయండి. కొన్ని కొత్త ల్యాప్‌టాప్‌లలో ఆ ట్యాబే ఉండదు, అప్పుడు ల్యాప్‌టాప్ తయారీదారు సైట్ నుంచి మీ మోడల్‌కి ఉన్న బ్లూటూత్ డ్రైవర్‌ని వేసుకోవడమే దారి.

పూర్తి రీసెట్ తర్వాత రెండు వేర్వేరు ఫోన్లతో, మూడడుగుల దూరంలో, నిండు ఛార్జింగ్‌తో పెట్టినా అదే పనిగా కట్ అవుతుంటే లోపల బ్యాటరీయో యాంటెన్నానో పోయినట్టు. పాట పెద్దగా పెట్టినప్పుడే ఆఫ్ అవుతుంటే బ్యాటరీ అని గట్టిగా అనుమానించొచ్చు. వారంటీ ఉంటే రెండు ఫోన్లతోనూ అలా ఆగిపోతున్నది వీడియో తీసుకుని వెళ్ళండి, లేకపోతే కౌంటర్‌లో ఐదు నిమిషాలు పెట్టి చూసి బాగానే ఉందని తిరిగిచ్చేస్తారు.